తలలో పెరిగే ఒత్తిడి: హెచ్‌ఐవీ ముదిరినవారిలో క్రిప్టోకాకల్ మెనింజైటిస్

క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనేది ఈస్ట్ రకానికి చెందిన ఫంగస్. పావురాల రెట్టలోనూ, ఆ రెట్ట కలిసిన మట్టిలోనూ, పుచ్చిపోయిన చెట్ల మానుల్లోనూ ఇది బతుకుతుంది. ఎండి దుమ్ముగా లేచినప్పుడు గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఊళ్లలో, నగరాల్లో తిరిగేవాళ్లు ఏదో ఒకనాడు దీన్ని పీల్చే ఉంటారు. ఒంట్లో రోగనిరోధక శక్తి సరిగా ఉంటే దానివల్ల ఏమీ కాదు. రక్షక కణాలు దాన్ని చంపేస్తాయి, లేదా ఒక మూలన కట్టడి చేసి ఏళ్ల తరబడి కదలనివ్వవు. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకునే జబ్బు కాదు. రోగికి తిండి పెట్టినా, పక్కన పడుకున్నా ఇంట్లోవాళ్లకు రాదు.

ఆ కాపలా సడలినప్పుడే కథ మారుతుంది. హెచ్‌ఐవీ వైరస్ దెబ్బతీసేది సీడీ4 అనే తెల్లకణాలను. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తానికి ఇవి సుమారు 500 పైనే ఉంటాయి. 200 కంటే తగ్గితే హెచ్‌ఐవీ ముదిరిందని లెక్క. 100 కంటే తగ్గినవారిలో క్రిప్టోకాకస్ మళ్లీ తలెత్తే ప్రమాదం బాగా ఎక్కువ. అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు చుట్టూ ఉండే పొరల్లోకీ, మెదడును తడుపుతూ ఉండే నీటిలోకీ పాకుతుంది. ఆ స్థితినే క్రిప్టోకాకల్ మెనింజైటిస్ అంటారు. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి సుమారు 1,52,000 మందికి ఇది వస్తోంది, అందులో 1,12,000 మంది చనిపోతున్నారు. ఎయిడ్స్ మరణాల్లో దాదాపు ఐదో వంతు దీనివల్లే. హెచ్‌ఐవీ ఉందని తెలియకుండా ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేవాళ్లే దీని బారిన పడతారని ఒకప్పటి అభిప్రాయం. ఇప్పుడు వచ్చేవారిలో చాలామంది ఎప్పుడో ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టి, మధ్యలో మానేసినవాళ్లు.

ఈ జబ్బు మొదలయ్యే తీరు మోసపూరితంగా ఉంటుంది. మెనింజైటిస్ అనగానే ఒక్కసారిగా వచ్చే తీవ్రమైన జ్వరం, బిగుసుకుపోయిన మెడ గుర్తుకొస్తాయి. ఇందులో మెడ బిగుసుకోవడం చాలామందిలో కనిపించదు. జ్వరం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తలనొప్పి మాత్రం రెండు మూడు వారాలుగా రోజురోజుకీ పెరుగుతూ వస్తుంది. నొప్పి మాత్ర వేసుకుంటే కాసేపు తగ్గి మళ్లీ వస్తుంది. ఆ తర్వాత వాంతులు, చూపు మసకబారడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, చివరికి స్పృహ తప్పడం. బాధను సరిగ్గా చెప్పగల దశలో రోగి తలనొప్పి మాత్రలతో సరిపెట్టుకుంటాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి చెప్పలేని దశకు చేరతాడు.

మన దేశంలో దీనికి మరో చిక్కు ఉంది. వారాల తరబడి సాగే మెనింజైటిస్ అంటే డాక్టర్ల మనసు ముందుగా క్షయ వైపు వెళుతుంది. అది తప్పేమీ కాదు, క్షయ మెనింజైటిస్ ఇక్కడ నిజంగానే ఎక్కువ. వెన్నునీటి పరీక్షలో రెండూ ఒకేలా కనిపించవచ్చు: తెల్లకణాలు కాస్త పెరిగి, ప్రొటీన్ పెరిగి, చక్కెర తగ్గి ఉంటుంది. హెచ్‌ఐవీ బాగా ముదిరినవారిలో క్రిప్టోకాకస్ నీటి నిండా ఉన్నా తెల్లకణాలు దాదాపు లేకపోవచ్చు. పోరాడటానికి ఒంట్లో సైన్యమే మిగలలేదు కాబట్టి అది మంచి సూచన కాదు. అయినా కాగితం మీద రిపోర్టు ‘నార్మల్’ అనే ఉంటుంది. ఈ దశలో ఊహ మీద ఆధారపడితే తప్పు జరుగుతుంది, ఆ తప్పు ఖరీదు కూడా ఎక్కువే. క్షయ మెనింజైటిస్‌లో మేలు చేసే స్టెరాయిడ్లు క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌లో హాని చేస్తాయి. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో డెక్సామెథసోన్ మీద జరిగిన ట్రయల్‌లో ఫంగస్ నెమ్మదిగా తగ్గింది, అంగవైకల్యం పెరిగింది. హాని స్పష్టంగా కనిపించడంతో పరిశోధకులు దాన్ని మధ్యలోనే ఆపి, 2016లో ఫలితాలు ప్రచురించారు.

రెండింటినీ వేరు చేసేది యాంటిజెన్ పరీక్ష. క్రిప్టోకాకస్ కణం చుట్టూ చక్కెర పదార్థాలతో అల్లిన మందమైన జిగురు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ముక్కలు నిరంతరం ఊడి రక్తంలో, వెన్నునీటిలో కలుస్తుంటాయి. వాటినే క్రిప్టోకాకల్ యాంటిజెన్ అంటారు. గర్భ నిర్ధారణకు వాడే పట్టీ లాంటిదే దీనికీ ఉంది. నమూనాకు ఒక చుక్క ద్రావకం కలిపి, పట్టీని అందులో నిలబెట్టి పది నిమిషాలు ఆగితే చాలు. రెండు గీతలు వస్తే పాజిటివ్. కరెంటు, ఫ్రిజ్, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పాత పద్ధతిలో వెన్నునీటి చుక్కను నల్ల సిరాతో కలిపి మైక్రోస్కోప్ కింద చూసేవారు. నల్లటి నేపథ్యంలో తెల్లటి వలయంతో ఫంగస్ కణాలు కనిపించేవి. ఇప్పటికీ ఆ పరీక్ష చేస్తారు. అయితే కణాలు తక్కువగా ఉన్న రోగుల్లో అది విఫలమవుతుంది, చూసేవాళ్ల అనుభవం మీద కూడా ఆధారపడుతుంది. వెన్నునీటి మీద యాంటిజెన్ పట్టీ దాదాపు పొరపాటు పడదు.

‘దాదాపు’ అన్న మాటకు కారణం ఉంది. యాంటిజెన్ విపరీతంగా ఎక్కువగా ఉన్నప్పుడు పట్టీ మీది రసాయనం దాని ఉద్ధృతికి తట్టుకోలేక గీత పలచగా పడుతుంది, ఒక్కోసారి పడనే పడదు. లక్షణాలు గట్టిగా ఉండి పరీక్ష నెగటివ్ వస్తే, నమూనాను పలచన చేసి మళ్లీ చూడాలి. ఇంకో పరిమితి చికిత్స తర్వాత బయటపడుతుంది. ఫంగస్ చచ్చిపోయినా తొడుగు ముక్కలు నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి జబ్బు తగ్గిందా లేదా అని తేల్చడానికి ఈ పరీక్ష పనికిరాదు. కోలుకున్న మనిషికి ఆరు నెలల తర్వాత ఇదే పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిందని మందులు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం అనవసరం.

ఈ పరీక్ష అసలు విలువ తలనొప్పి రాకముందే తెలుస్తుంది. లక్షణాలు కనిపించడానికి వారాల ముందే, ఒక్కోసారి నెలల ముందే యాంటిజెన్ రక్తంలో కనబడుతుంది. అందుకే ఏఆర్‌టీ కొత్తగా మొదలుపెట్టేవారిలోనూ, మానేసి తిరిగి వచ్చినవారిలోనూ సీడీ4 100 కంటే తక్కువ ఉంటే రక్తంలో యాంటిజెన్ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 200 లోపు ఉన్నవారికీ చేయవచ్చని కూడా సూచించింది. రక్తంలో పాజిటివ్ వస్తే, రోగికి ఏ బాధా లేకపోయినా వెన్నునీరు తీసి చూడటం అవసరం. అలా బాధలేమీ లేనివారిలో కూడా సుమారు మూడో వంతు మందిలో ఫంగస్ అప్పటికే మెదడు పొరలకు చేరి ఉంటుంది. వెన్నునీరు శుభ్రంగా ఉంటే చికిత్స సులువు: ఫ్లూకోనజోల్ మాత్రలు రోజుకు 800 మి.గ్రా. చొప్పున రెండు వారాలు, 400 చొప్పున ఎనిమిది వారాలు, ఆపైన 200 చొప్పున కొనసాగింపు. టాంజానియా, జాంబియాల్లో ఇలా పరీక్ష చేసి మందులివ్వడంతో పాటు, రోగుల ఇళ్లకు కార్యకర్తలను కొన్నాళ్లు పంపారు. మరణాలు 28 శాతం తగ్గినట్టు 2015లో తేలింది.

ఇక మెదడు పొరలకు చేరినవారి సంగతి. ఫంగస్‌ను చంపే మందులు పని ముగించడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆలోగా రోగిని చంపేది ఒత్తిడి. క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌లో ఎక్కువ ప్రాణాలు పోయేది ఈ విషయాన్ని పట్టించుకోనప్పుడే. మెదడు లోపల రోజుకు దాదాపు అర లీటరు నీరు తయారవుతుంది. ఏ క్షణంలో చూసినా ఉండేది మాత్రం సుమారు 150 మి.లీ. మిగిలినది మెదడు పైభాగంలోని సన్నని కణజాలం గుండా ఎప్పటికప్పుడు రక్తంలోకి ఇంకిపోతుంది. ఫంగస్ కణాలూ, వాటి జిగురు తొడుగు ముక్కలూ ఆ దారులకు అడ్డం పడతాయి. బట్టల పీచు పేరుకున్న స్నానాల గది తూములా నీరు వెళ్లడం మందగిస్తుంది, తయారవడం మాత్రం ఆగదు. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, రెండుగా కనిపించడం, చూపు పోవడం, వినికిడి తగ్గడం, స్పృహ కోల్పోవడం, వీటిలో ఎక్కువ భాగం ఆ ఒత్తిడి చేసే పనే.

ఒత్తిడిని కొలవడం కష్టం కాదు. రోగిని ఒక పక్కకు ముడుచుకొని పడుకోబెట్టి, నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి, దానికి సన్నని గాజు లేదా ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తారు. నీరు ఎంత ఎత్తుకు ఎక్కి నిలబడితే అంత ఒత్తిడి. మామూలుగా 10 నుంచి 20 సెం.మీ. ఉంటుంది, 25 దాటితే ఎక్కువ. గొట్టం లేని చోట సెలైన్ ట్యూబును నిటారుగా పట్టుకొని టేపుతో కొలుస్తారు, అదీ సరిపోతుంది. కూర్చోబెట్టి కొలిస్తే మాత్రం అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. కొలవకుండా పరీక్షకు కావలసిన రెండు మూడు మి.లీ. మాత్రమే తీసి సూది లాగేయడం, అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

ఒత్తిడి 25 దాటితే, అది 20 లోపుకు దిగేదాకా, లేదా మొదట్లో ఉన్నదానిలో సగానికి వచ్చేదాకా నీరు నెమ్మదిగా తీస్తారు. సాధారణంగా 20 నుంచి 30 మి.లీ. సరిపోతుంది. లెక్క చూస్తే అంత నీరు గంట, గంటన్నరలో మళ్లీ తయారైపోతుంది. ఇంకే దారులు ఇంకా మూసుకునే ఉన్నాయి కాబట్టి మర్నాటికి ఒత్తిడి తిరిగి పెరగడం ఖాయం. అందుకే ఇది ఒక్కసారితో ముగిసే పని కాదు. ఒత్తిడి వరుసగా రెండు మూడు రోజులు మామూలుగా ఉండి, తలనొప్పి తగ్గేవరకు రోజూ తీయాలి. మొదటి రోజు ఒత్తిడి ఎంత ఉన్నా, ఆ తర్వాత కనీసం ఒక్కసారైనా నీరు తీసినవారిలో తొలి రోజుల మరణాలు మూడింట రెండు వంతులు తక్కువని ఆఫ్రికాలో జరిగిన పరిశీలన చూపించింది.

ఇక్కడ అడ్డంకి రోగి వైపు నుంచి వస్తుంది. ‘వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి’, ‘ఫలానావాళ్లకు తీశాక మర్నాడే చనిపోయారు’ అనే మాటలు వార్డుల్లో ఎప్పుడూ వినిపిస్తాయి. సూది వేసే చోట వెన్నుపాము ఉండదు, అది ఇంకా పైనే ముగుస్తుంది. అక్కడ ఉండేవి నీటిలో తేలే నరాల పోగులు మాత్రమే. చనిపోయినవారి విషయానికొస్తే, వాళ్లకు సూది వేసింది పరిస్థితి విషమించాకే. నీరు తీయడానికి ఒప్పుకోనివారే ఎక్కువగా చనిపోతారు. డాక్టర్ల వైపు నుంచీ ఒక భయం ఉంది: ఒత్తిడి ఎక్కువున్నప్పుడు కింద నుంచి నీరు తీస్తే మెదడు కిందికి జారదా? మెదడులో గడ్డ ఒక పక్కకు నొక్కుతున్నప్పుడు ఆ భయం సరైనదే. ఒక కాలు, చేయి చచ్చుబడినా, ఫిట్స్ వస్తున్నా ముందు స్కాన్ తీయాలి. ఈ జబ్బులో మాత్రం ఒత్తిడి సాధారణంగా అన్ని వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి జారే ప్రమాదం చాలా తక్కువ. మెదడు వాపుకు అలవాటుగా ఎక్కించే మానిటాల్ ఇక్కడ మేలు చేస్తుందన్న ఆధారం లేదు. అసెటజోలమైడ్ అయితే థాయ్‌లాండ్ ట్రయల్‌లో హాని చేసింది. రోజూ తీసినా ఒత్తిడి దిగకపోతే, నడుము దగ్గర తాత్కాలికంగా సన్నని గొట్టం ఉంచుతారు, లేదా సర్జన్లు షంట్ వేస్తారు.

మందుల చికిత్స మూడు దశలుగా నడుస్తుంది. ఒక ఊహాత్మక రోగి మీద దీన్ని చూడటం తేలిక. 38 ఏళ్ల మహిళ, బరువు 50 కిలోలు. పని కోసం వేరే ఊరు వెళ్లి రెండేళ్ల కిందట ఏఆర్‌టీ మానేశారు. మూడు వారాలుగా తలనొప్పి, రెండు రోజులుగా ఒకటి రెండుగా కనిపిస్తోంది. సీడీ4 42. వెన్నునీటి ఒత్తిడి 44 సెం.మీ., యాంటిజెన్ పాజిటివ్. 25 మి.లీ. తీశాక ఒత్తిడి 20కి దిగింది, మంచం దిగేలోగానే తలనొప్పి సగం తగ్గింది. రెండో రోజు 36, మూడో రోజు 30, నాలుగో రోజు 23. ఐదు, ఆరు రోజుల్లో 20 లోపే ఉండటంతో ఆపేశారు. రెండుగా కనిపించడం మాత్రం వారాల మీద తగ్గింది.

మొదటి దశ రెండు వారాలు, ఫంగస్‌ను వేగంగా చంపడం దాని పని. బోట్స్వానా, మలావీ, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 844 మందిపై జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. వాటి ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది కొత్త పద్ధతిని సిఫారసు చేసింది. లైపోజోమల్ యాంఫోటెరిసిన్‌ను మొదటి రోజున కిలోకు 10 మి.గ్రా. చొప్పున ఒకే ఒక్కసారి ఎక్కిస్తారు. ఈ రోగికి 500 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. సీసాలు పది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో కుటుంబాలు దుకాణం దుకాణం తిరిగి వెతికిన ఇంజెక్షన్ ఇదే. దాంతో పాటు రెండు వారాలు నోటి మాత్రలు: ఫ్లూసైటోసిన్ రోజుకు కిలోకు 100 మి.గ్రా., ఈమెకు రోజుకు 5 గ్రాములు నాలుగు పూటలుగా; ఫ్లూకోనజోల్ రోజుకు 1,200 మి.గ్రా.

యాంఫోటెరిసిన్ మూత్రపిండాలను ఇబ్బంది పెడుతుంది, పొటాషియం, మెగ్నీషియంలను పడగొడుతుంది. అందుకే ముందుగా ఒక లీటరు సెలైన్ ఎక్కించి, పొటాషియం మాత్రలిచ్చి, క్రియాటినిన్ చూస్తారు. పాత పద్ధతిలో మామూలు యాంఫోటెరిసిన్‌ను రోజూ వారం పాటు ఎక్కించేవారు. చలి, వణుకు, జ్వరం, రక్తహీనతలతో రోగి నీరసించిపోయేవాడు. ఒకే డోసు పద్ధతిలో తీవ్రమైన దుష్ప్రభావాలు తగ్గాయి. పది వారాల్లో మరణాలు కొత్త పద్ధతిలో 24.8 శాతం, పాత పద్ధతిలో 28.7 శాతం. అత్యుత్తమ చికిత్సలో కూడా నలుగురిలో ఒకరు దక్కడం లేదన్నమాట. ఫ్లూసైటోసిన్ ఎముక మజ్జను అణచగలదు, మూత్రపిండాలు దెబ్బతింటే ఒంట్లో పేరుకుంటుంది. కాబట్టి రక్తకణాల లెక్క చూస్తూ డోసు సరిచేయాలి. క్యాన్సర్ కోసం 1957లో తయారైన ఈ పాత మందు మన దేశంలో చాలాకాలం సులువుగా దొరకలేదు. అది లేని చోట లైపోజోమల్ యాంఫోటెరిసిన్‌ను రోజుకు కిలోకు 3 నుంచి 4 మి.గ్రా. చొప్పున రెండు వారాలు, ఫ్లూకోనజోల్‌తో కలిపి ఇస్తారు. చవకైన ఫ్లూకోనజోల్ ఒక్కదానితోనే నెట్టుకొద్దామనుకోవడం ప్రమాదకరం. అది ఫంగస్ పెరుగుదలను ఆపుతుందే తప్ప వేగంగా చంపలేదు, అలా చికిత్స పొందినవారిలో సగానికి పైగా చనిపోయేవారు.

రెండో దశలో ఫ్లూకోనజోల్ రోజుకు 800 మి.గ్రా. ఎనిమిది వారాలు, మూడో దశలో 200 మి.గ్రా. కొనసాగిస్తారు. రోగి ఇంటికి వెళ్లే సమయం కాబట్టి తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. తలనొప్పి పోగానే మాత్రలు ఆపేస్తారు. క్షయ కూడా ఉంటే రిఫాంపిసిన్ ఈ మందు మోతాదును రక్తంలో తగ్గిస్తుంది. గర్భం తొలి నెలల్లో ఎక్కువ మోతాదు బిడ్డకు హాని చేయగలదు కాబట్టి ఈ రోగితో గర్భ నిరోధం గురించి మాట్లాడటమూ చికిత్సలో భాగమే.

ఏఆర్‌టీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అందరికీ వింతగా తోచే విషయం. హెచ్‌ఐవీకి మందులు ఎంత తొందరగా ఇస్తే అంత మంచిదన్న నియమం ఇక్కడ పనిచేయదు. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో జరిగిన ట్రయల్‌లో ఒకటి రెండు వారాల్లోనే ఏఆర్‌టీ మొదలుపెట్టినవారిలో ఆరు నెలలకు 45 శాతం చనిపోయారు. ఐదు వారాలు ఆగినవారిలో 30 శాతమే. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. ఊహాత్మక రోగికి ఐదో వారంలో మొదలుపెట్టారు.

రెండు నెలల తర్వాత ఆమెకు తలనొప్పి మళ్లీ వచ్చిందనుకుందాం. కారణాలు రెండు ఉండవచ్చు. మాత్రలు సరిగ్గా వేసుకోక ఫంగస్ తిరిగి పెరగడం ఒకటి. కోలుకుంటున్న రోగనిరోధక శక్తి, చచ్చిన ఫంగస్ అవశేషాల మీద విరుచుకుపడి వాపు తేవడం రెండోది. యాంటిజెన్ రెండింట్లోనూ పాజిటివే. తేడా తేల్చేది వెన్నునీటి కల్చర్: మొదటిదానిలో ఫంగస్ పెరుగుతుంది, రెండోదానిలో పెరగదు. మొదటిదానికి తొలి దశ చికిత్స మళ్లీ ఇవ్వాలి. రెండోదానిలో ఏఆర్‌టీ, ఫ్లూకోనజోల్ కొనసాగిస్తూనే కొందరికి స్టెరాయిడ్లు కొద్దికాలం ఇస్తారు. ఫంగస్ చచ్చిందని తేలాక కాబట్టి అవి ఇక్కడ పనికొస్తాయి. కల్చర్ ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఆలోగా రెండు సందర్భాల్లోనూ చేయాల్సిన మొదటి పని ఒత్తిడి కొలిచి, ఎక్కువుంటే నీరు తీయడమే.

200 మి.గ్రా. మాత్ర జీవితాంతం అక్కర్లేదు. కనీసం ఏడాది పాటు వాడి, ఏఆర్‌టీ మానకుండా, సీడీ4 100 దాటి, వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గితే ఆపవచ్చు. వైరల్ లోడ్ పరీక్ష అందుబాటులో లేకపోతే సీడీ4 200 దాటేదాకా ఆగాలి. తర్వాత ఎప్పుడైనా ఏఆర్‌టీ ఆగి సీడీ4 మళ్లీ 100 కంటే పడిపోతే, ఆ మాత్రను తిరిగి మొదలుపెడతారు.